కాల్ సెంటర్ బృందంలో మెడనొప్పి: యాజమాన్యానికి నర్సు ఇచ్చే సారాంశం ఎలా ఉండాలి

కాల్ సెంటర్‌లో ఒక బృందం నుంచి మెడ, భుజాల నొప్పి ఫిర్యాదులు వరుసగా వస్తుంటే యాజమాన్యం వృత్తి ఆరోగ్య నర్సును పిలిపిస్తుంది. ఆమె కొన్ని రోజులు ఆ అంతస్తులో తిరుగుతుంది, ఉద్యోగులతో మాట్లాడుతుంది, కుర్చీలూ బల్లలూ కొలుస్తుంది. చివరికి రెండు మూడు పేజీల సారాంశం ఇస్తుంది. ఆ తర్వాత ఏం జరిగినా ఆ పేజీలను బట్టే జరుగుతుంది. చాలా సారాంశాల్లో కనిపించే వాక్యం ఒకటుంది: ‘ఉద్యోగులు సరైన భంగిమలో కూర్చోవడం లేదు, అవగాహన శిక్షణ అవసరం.’ చదవడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ వాక్యంతో తప్పంతా ఉద్యోగి వెన్నెముక మీద పడుతుంది. యాజమాన్యం ఒక గంట శిక్షణ పెట్టి ఫైలు మూసేస్తుంది, నొప్పి అలాగే ఉంటుంది. సరిగ్గా కూర్చోలేకపోవడానికి కారణమేమిటో ఆ వాక్యం చెప్పదు. సారాంశంలో అసలు ఉండవలసింది ఆ కారణమే.

ఎలా చెప్పాలో చూడడానికి ఒక ఊహా బృందాన్ని తీసుకుందాం. ఇరవై నాలుగు మంది ఉద్యోగులు, పన్నెండు సీట్లు, రెండు షిఫ్టులు. ఎవరికీ సొంత సీటు లేదు. ఏది ఖాళీగా ఉంటే అందులో కూర్చుంటారు. ప్రతి సీటు దగ్గర రెండు మానిటర్లు, ఒక కీబోర్డు, మౌసు, హెడ్‌సెట్ ఉంటాయి. కుర్చీలు మంచివే. ఎత్తు, వీపు ఆసరా, చేతి ఆసరాలు అన్నీ సర్దుకునే వీలున్నవి. బల్లల ఎత్తు మాత్రం మారదు.

నర్సు మొదట అడిగేది నొప్పి గురించి. ఇందుకు ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది 1987లో ప్రచురితమైన నార్డిక్ ప్రశ్నావళి. శరీరాన్ని తొమ్మిది భాగాలుగా చూపే బొమ్మ ఇచ్చి, గత పన్నెండు నెలల్లో, గత ఏడు రోజుల్లో ఎక్కడెక్కడ ఇబ్బంది కలిగిందో, దానివల్ల మామూలు పనులు ఆగాయో లేదో అడుగుతుంది. మన బృందంలో ఇరవై ఒక్క మంది జవాబిచ్చారనుకుందాం. గత ఏడు రోజుల్లో మెడ లేదా భుజాల్లో ఇబ్బంది ఉన్నవారు 13 మంది, నడుములో 9 మంది, కుడి మణికట్టు లేదా ముంజేతిలో 8 మంది. ఒకే వ్యక్తికి రెండు మూడు చోట్ల ఉండవచ్చు కాబట్టి ఈ అంకెలను కూడి ఒక మొత్తం చెప్పకూడదు.

ఈ అంకెలు దేనికి పనికొస్తాయో, దేనికి పనికిరావో సారాంశంలోనే చెప్పాలి. ఇవి రోగ నిర్ధారణలు కావు. పని వల్లే నొప్పి వచ్చిందని ఇవి రుజువు చేయవు. ఇంటి పని, పాత గాయం, నిద్ర, మానసిక ఒత్తిడి అన్నీ మెడ దగ్గరే కలుస్తాయి. జవాబివ్వని ముగ్గురిలో నొప్పి లేనివారు ఉండవచ్చు, చెప్పడానికి భయపడినవారూ ఉండవచ్చు. ఇన్ని పరిమితులున్నా ఇరవై ఒక్క మందిలో పదముగ్గురు ఒకే చోటును చూపితే, వాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకడం న్యాయం. అందరికీ ఉమ్మడిగా ఉన్నవి ఆ పన్నెండు సీట్లు, ఆ షిఫ్టులు.

రెండో అడుగు చూడడం. పనిచోటును మనిషి శరీరానికి తగ్గట్టు అమర్చే ఎర్గనామిక్స్‌లో ఇందుకు అంకెలిచ్చే పద్ధతులున్నాయి. ఆఫీసు సీటు కోసం 2012లో వచ్చిన రోసా అనే పట్టికలో కుర్చీ, మానిటర్, ఫోను, కీబోర్డు, మౌసులకు విడివిడిగా మార్కులు వేసి చివరికి ఒక అంకె తేలుస్తారు. అది 5 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ సీటును లోతుగా పరిశీలించాలి. ఏ సీటుతో మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి పట్టిక పనికొస్తుంది. కానీ యాజమాన్యానికి ‘సగటు స్కోరు ఆరు’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందువల్ల అంకెను అనుబంధంలో పెట్టి, ఆ అంకె ఎందుకు పెరిగిందో సారాంశంలో మామూలు మాటల్లో చెప్పడం మేలు.

మన బృందంలో అది ఎందుకు పెరిగిందో చూడాలంటే ఒక సీటు పక్కన నిలబడాలి. బల్ల పైభాగం నేల నుంచి 74 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. చెక్క మందం మూడు సెంటీమీటర్లు, కాబట్టి బల్ల అడుగు భాగం 71 దగ్గర ఉంటుంది. కుర్చీ సీటు 47 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, చేతి ఆసరాలు దానిపైన 25 సెంటీమీటర్లు లేచి ఉన్నాయి. రెండూ కలిపితే 72. ఆ ఒక్క సెంటీమీటరు తేడాతో ఆసరాలు బల్ల అంచుకు తగిలి ఆగిపోతాయి, కుర్చీ బల్ల కిందికి వెళ్లదు. కీబోర్డు దూరంగా ఉండిపోతుంది. దాన్ని అందుకోవడానికి ఉద్యోగి సీటు ముందంచుకు జరిగి కూర్చుంటాడు. దాంతో వీపు ఆసరా వీపుకు అందదు. చేతులు ముందుకు చాచి ఉంచడంతో ముంజేతులు గాలిలో వేలాడతాయి. ఆ చేతుల బరువును మెడ నుంచి భుజం దాకా ఉండే ట్రపీజియస్ కండరం షిఫ్టంతా మోస్తుంది. నడుము నొప్పికీ భుజం నొప్పికీ దారి ఒకటే. పన్నెండింటిలో తొమ్మిది కుర్చీలు ఇలాగే ఉన్నాయనుకుందాం.

చేతి ఆసరాను అయిదు సెంటీమీటర్లు దించితే మొత్తం ఎత్తు 67కు తగ్గుతుంది, కుర్చీ బల్ల దగ్గరికి జరుగుతుంది. అప్పుడు ముంజేతులు బల్ల మీదే ఆనతాయి. ఈ ఆనడానికి ఎంత విలువ ఉందో చెప్పే అధ్యయనం కాల్ సెంటర్‌లోనే జరిగింది. అమెరికాలో రెంపెల్, ఆయన సహచరులు 182 మంది కాల్ సెంటర్ ఉద్యోగులను ఏడాది పాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. శిక్షణ మాత్రమే పొందినవారితో పోలిస్తే, బల్ల అంచుకు ముంజేతుల ఆసరా పలక అమర్చుకున్నవారిలో మెడ, భుజాల నొప్పి తగ్గింది. ‘శిక్షణ ఇస్తే చాలు కదా’ అని అడిగే యాజమాన్యానికి సారాంశంలో చూపించదగిన ఆధారం ఇది. మన బృందంలో పలక కొనే ముందు కుర్చీని దగ్గరికి జరపాలి. జరగని కుర్చీకి పలక ఎంత మంచిదైనా చేయి దాని దాకా చేరదు.

దించితే తీరిపోయే ఇబ్బందే అయితే ఎవరూ ఎందుకు దించలేదన్న ప్రశ్న వస్తుంది. సారాంశానికి ప్రాణం ఈ ప్రశ్నే. దీనికి జవాబు సీటు పక్కన నిలబడితే దొరకదు, షిఫ్టు మారే వేళకు వెళ్లాలి. నర్సు రెండు షిఫ్టుల మొదట్లోనూ నిలబడి చూసిందనుకుందాం. ఇరవై నాలుగు మందిలో ఇరవై మంది కుర్చీ మీటను తాకకుండానే పని మొదలుపెట్టారు. ముందు షిఫ్టు వ్యక్తి ఎత్తుకు సర్దిన కుర్చీలోనే కూర్చున్నారు. ఎందుకని అడిగితే దాదాపు అందరి మాటా ఒకటే: లాగిన్ సమయం నిమిషాల లెక్కన చూస్తారు. సీటులో కూర్చున్న క్షణం నుంచి గడియారం నడుస్తుంది. కుర్చీ, మానిటర్ సర్దుకోవడానికి కావలసిన రెండు మూడు నిమిషాలు ‘పనిలో లేని సమయం’గా నమోదవుతాయి. షెడ్యూలు పాటించే శాతం పడిపోతే టీమ్ లీడర్ అడుగుతాడు. సర్దుకోవడం అందరికీ తెలుసు, సర్దుకోవడానికి సమయమే లేదు.

అందువల్ల ఈ బృందం గురించిన ప్రధాన పరిశీలనను ఇలా రాయవచ్చు: ‘సీట్లను ఉమ్మడిగా వాడుతున్నారు. షిఫ్టు మొదట్లో వాటిని సర్దుకోవడానికి వేతన సమయం కేటాయించలేదు. ఆ కారణంగా సర్దుకునే వీలున్న కుర్చీలు కూడా స్థిరమైన కుర్చీల్లాగే పనిచేస్తున్నాయి.’ ఇందులో ఏ ఉద్యోగి భంగిమ గురించీ ఒక్క మాట లేదు, యాజమాన్యం మార్చగలిగిన విషయాలే ఉన్నాయి. ‘ఉద్యోగులు తప్పుగా కూర్చుంటున్నారు’ అన్న వాక్యం పక్కన దీన్ని పెట్టి చూస్తే, ఏది చదివాక చేయవలసిన పని కనిపిస్తుందో తెలిసిపోతుంది.

సిఫార్సును కూడా ఆ భాషలోనే రాయాలి. షిఫ్టు మొదటి మూడు నిమిషాలకు ఫోను వ్యవస్థలో ‘సర్దుబాటు’ అనే ప్రత్యేక కోడ్ ఇవ్వాలి, షెడ్యూలు పాటించే శాతం లెక్కలో దాన్ని మినహాయించాలి. యాజమాన్యం మొదట అడిగే ప్రశ్న దీని ఖర్చు గురించే కాబట్టి లెక్క కూడా సారాంశంలోనే ఉండాలి. ఇరవై నాలుగు మందికి మూడేసి నిమిషాల చొప్పున రోజుకు 72 నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టుల్లో బృందం మొత్తం పని సమయం 192 గంటలు. అందులో ఇది 0.6 శాతం కన్నా కొంచెం ఎక్కువ. చిన్నదే అయినా ఇది నిజమైన ఖర్చు. దాన్ని దాచకుండా చెప్పిన నర్సు మాటను సమావేశంలో ఎవరూ తోసిపుచ్చలేరు.

సమయానికి సంబంధించి రెండో విషయం కాల్‌కూ కాల్‌కూ మధ్య విరామం. కొన్ని చోట్ల ఒక కాల్ ముగిసిన క్షణమే తర్వాతి కాల్ దానంతట అదే కలుస్తుంది. వివరాలు నమోదు చేసే పని కూడా కాల్ నడుస్తుండగానే పూర్తి కావాలి. బయటివారికి ఇది సామర్థ్యంగా కనిపించవచ్చు. కండరాల వైపు నుంచి చూస్తే, చేయి ఒళ్లో పెట్టుకునే ఆ పది పదిహేను సెకన్లే పోయాయి. నొప్పి విషయంలో భారం ఎంత ఎక్కువన్న దానితో పాటు భారం ఎంతసేపు వదలకుండా ఉందన్నదీ అంతే ముఖ్యం. మౌసు మీద చేతి వేళ్లు పైకెత్తి ఎదురుచూడడం తేలిక పనే, అయినా గంటల తరబడి సాగితే కండరం అలసిపోతుంది. డేటా ఎంట్రీ ఉద్యోగులపై గలిన్‌స్కీ, సహచరులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు విరామాలకు తోడు గంటకు అయిదు నిమిషాల చిన్న విరామాలు ఇచ్చినప్పుడు ఒంటి ఇబ్బందీ కంటి శ్రమా తగ్గాయి, పని పరిమాణం మాత్రం పడిపోలేదు. కాల్ సెంటర్‌లో ఫోనులో మాట్లాడే పని దీనికి పూర్తిగా సమానం కాదని కూడా సారాంశంలో చెప్పాలి. అందుకే ఇక్కడ సిఫార్సును పరీక్షగా రాయడం మంచిది. ఒక షిఫ్టులో నాలుగు వారాలు అమలు చేసి, కాల్ చేసినవారు క్యూలో వేచి ఉండే సమయం ఎంత మారిందో చూసి, ఆ తర్వాత రెండో షిఫ్టుకు విస్తరించవచ్చు.

మిగిలినవి త్వరగా చెప్పవచ్చు. రెండు మానిటర్లలో ఎక్కువసేపు చూసేది ఎడమ పక్కన ఉంటే మెడ షిఫ్టంతా ఎడమకు తిరిగే ఉంటుంది. ఎక్కువ వాడే తెరను ఎదురుగా, రెండోదాన్ని దాని పక్కనే కోణంగా పెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు. తెర చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తులోనో కాస్త కిందో ఉండాలి. దూరానికీ దగ్గరికీ వేర్వేరు పవర్లున్న అద్దాలు వాడేవారికి ఇంకా కిందికి దించాలి. లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడడానికి గడ్డం పైకెత్తుతారు, మెడ వెనక్కి వంగుతుంది. కీబోర్డు కుడి చివర అంకెల మీటలుంటే మౌసు వాటి అవతలికి జరిగి భుజం పక్కకు విచ్చుకుంటుంది. అంకెలు ఎక్కువగా టైప్ చేయనివారికి ఆ భాగం లేని కీబోర్డు చాలు. రోజంతా ఖాతా నంబర్లు కొట్టేవారికి అది ఉండాల్సిందే, అప్పుడు మౌసును ఎడమ చేతికి మార్చుకోవచ్చు. పొట్టిగా ఉన్నవారు బల్లకు సరిపోయేలా కుర్చీ పెంచితే పాదాలు నేలకు అందవు. సీటును 50కి పెంచినవారికి బూటుతో కలిపి మోకాలి వెనక మడత దాకా 40 సెంటీమీటర్లే ఉంటే, పది సెంటీమీటర్ల పాదపీఠం కావాలి. బల్ల ఎత్తు మార్చలేని చోట పాదపీఠం తప్పనిసరి.

హెడ్‌సెట్ గురించి ఒక్క మాట. ఒంటి చెవి హెడ్‌సెట్‌తో గోల ఉన్న హాలులో పని చేసేవారు వాల్యూమ్ పెంచుతారు, గొంతు పెంచుతారు, వినడానికి తెలియకుండానే ముందుకు వంగుతారు. గొంతు బొంగురుపోతోందన్న ఫిర్యాదు మెడనొప్పి పట్టికలో పక్క గీతలో వస్తే నర్సు దాన్ని వదిలేయకూడదు. హాలు గోలకూ మెడ వంపుకూ లంకె ఉండవచ్చు. ఇద్దరి మధ్య ఉమ్మడి హెడ్‌సెట్ అన్నది ఎర్గనామిక్స్ కన్నా ముందు పరిశుభ్రత సమస్య. ప్రతి ఉద్యోగికీ సొంత హెడ్‌సెట్ ఉండాలి.

ఇప్పుడు సారాంశంలో ఏమి ఉండకూడదన్నది. యాజమాన్యం తరఫున తరచూ వచ్చే ప్రశ్న: ‘ఆ పదముగ్గురు ఎవరు?’ దురుద్దేశంతో అడగకపోవచ్చు, సాయం చేద్దామనే అడగవచ్చు. అయినా ఇవ్వకూడదు. యాజమాన్యానికి తెలియజేసే తుది అభిప్రాయాల్లో వైద్య వివరాలు ఉండకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో చేసిన 171వ సిఫార్సు చెబుతోంది. అదే ఏడాది వచ్చిన 161వ ఒడంబడిక ప్రకారం, సెలవుకు కారణం నిజమా కాదా అని తేల్చిచెప్పమని వృత్తి ఆరోగ్య సిబ్బందిని యాజమాన్యం అడగకూడదు. పేరు రాయకపోయినా సరిపోదు. ఇరవై నాలుగు మందిలో ‘రాత్రి షిఫ్టులో ఉన్న ఒక గర్భిణి ఉద్యోగికి నడుము నొప్పి’ అని రాస్తే పేరు రాసినట్టే. అందుకే చిన్న బృందంలో అయిదుగురి కన్నా తక్కువ మంది ఉన్న గుంపులను విడదీసి చూపకపోవడం మంచి పద్ధతి. షిఫ్టు వారీగా విడదీస్తే ఒక గడిలో ఇద్దరే మిగిలితే, ఆ పట్టికను అసలు ఇవ్వకూడదు.

ఒక్కొక్కరి అవసరాలు వేరే దారిలో వెళ్లాలి. ‘ఈ ఉద్యోగికి పాదపీఠం, ఎడమ చేతి మౌసు కావాలి’ అని ఆ ఉద్యోగి సమ్మతితో విడి పత్రం ఇస్తే చాలు. ఎందుకు కావాలో అందులో ఉండనక్కర్లేదు. రాత్రిళ్లు చేతివేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేస్తున్నవారు, వస్తువులు చేతిలోంచి జారిపోతున్నవారు, నొప్పి భుజం నుంచి చేతి కిందికి దిగుతున్నవారు ప్రశ్నావళిలో కనబడితే నర్సు వారిని డాక్టరు దగ్గరికి పంపుతుంది. అది ఉద్యోగికీ నర్సుకూ మధ్యనే ఉంటుంది. బృంద సారాంశంలో ఒక గీతగా కూడా రాదు.

సిఫార్సుల వరుసను కూడా ఆలోచించి పెట్టాలి. సారాంశంలో ‘కొత్త కుర్చీలు’ అన్న మాట ఎక్కడ కనిపించినా యాజమాన్యం చూపు అక్కడికే వెళుతుంది. కొనుగోలు అనేది కళ్లకు కనిపించే పని, ఫొటోకు అందే పని. కొత్త కుర్చీలు వచ్చి, లాగిన్ నియమం మారకపోతే వాటి మీటలను కూడా ఎవరూ తాకరు. మన బృందంలో చేతి ఆసరాలు దించడం, తెరలు మార్చడం ఈ వారమే జరగాలి. సర్దుబాటు కోడ్ ఫోను వ్యవస్థ నడిపేవారితో కలిసి ఈ నెలలో రావాలి. పాదపీఠాలు, హెడ్‌సెట్లు కొనుగోలు పట్టికలో చేరాలి. కుర్చీలు ఆ పట్టికలో ఉండనక్కర్లేదు. మణికట్టు కింద పెట్టుకునే మెత్తటి దిండ్లు కూడా ఇక్కడ అడగకపోవడమే మంచిది. టైప్ చేస్తూ వాటి మీద మణికట్టు ఒత్తి పెడితే, లోపల నరం వెళ్లే ఇరుకు దారి మీదే ఒత్తిడి పడుతుంది. ప్రతి పనికి ఎదురుగా బాధ్యుడి హోదా, గడువు ఉండాలి. ‘యాజమాన్యం పరిశీలించాలి’ అన్న వాక్యంలో బాధ్యుడు ఎవరూ లేరు.

మార్పులయ్యాక ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు అదే ప్రశ్నావళిని, అవే పదాలతో మళ్లీ ఇవ్వాలి. గత ఏడు రోజుల అంకెనే పోల్చాలి. పన్నెండు నెలల ప్రశ్నలో మార్పుకు ముందు నొప్పులు కూడా లెక్కకు వస్తాయి. మొదటి నెలలో ఫిర్యాదులు పెరిగినట్టు కనిపించవచ్చు, అడుగుతున్నారని తెలిశాక చెప్పేవారు పెరుగుతారు కాబట్టి. ఈ సంగతి ముందే సారాంశంలో రాసి ఉంచకపోతే, ఆ పెరుగుదల చూపించి మార్పులు పనిచేయలేదనే వారు ఉంటారు. అంకెల కన్నా ముందు చూడవలసింది మళ్లీ షిఫ్టు మారే వేళే. ఇరవై నాలుగు మందిలో ఎంతమంది మీటను తాకారు, తొమ్మిది కుర్చీల ఆసరాలు దించిన ఎత్తులోనే ఉన్నాయా, సర్దుబాటు కోడ్‌ను వాడుతున్నారా, వాడినవారిని టీమ్ లీడర్ ఏమైనా అంటున్నాడా అన్నవి. కోడ్ ఉండి ఎవరూ వాడకపోతే, మీట దగ్గరికి చేయి వెళ్లకుండా ఇంకా ఏది ఆపుతోందో ఆ అంతస్తులోనే మళ్లీ అడగాలి.